ఆటోగ్రాఫ్ పుస్తకంలో నా పేజీ

ఆదివారం, మార్చి 9

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు బోలెడంత ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు ల్యాబులో పని ఎక్కువైందని అన్నం మానేస్తున్నావని అమ్మ బెంగపడుతోంది. వేళకు తిను. ఈ సంగతి ఫోనులోనే చెప్పేదాన్ని, కానీ అమ్మ చెవి అటే ఉంటుంది.

మా క్లాసులో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి మా బడి వదిలి వెళ్లిపోయింది. వాళ్ల నాన్నకు బదిలీ. మేమంతా ఆ పిల్లను కిటికీ పిల్ల అనేవాళ్లం. ఎందుకంటే అంతకుమించి మాకేమీ తెలియదు. వెళ్లిపోయే వారం ఆటోగ్రాఫ్ పుస్తకం తెచ్చింది. మొదటి పేజీ టీచరమ్మకు వదిలి, మిగతావి ఎవరికి నచ్చిన రంగు వాళ్లు తీసుకోమంది. గులాబీ రంగు కోసం కొట్టుకున్నారు. ఒకడు చివరి పేజీ తనదేనని ముందే పేరు రాసిపెట్టుకున్నాడు. ఇంకొకరు మూల మడిచి, ఇంటికెళ్లాకే విప్పాలని రాశారు.

సమస్యేమిటంటే, అందరికీ మాటలు కావాలి. క్లాసులో కవయిత్రి బిరుదు నాకే తగిలించారు కదా, ఇంటర్వెల్‌లో నా బెంచీ దగ్గర క్యూ కట్టారు. నేను కూడా మహా గొప్పగా, అడిగినవాళ్లకల్లా ఒక్కో వాక్యం చెప్పి పంపాను. మధ్యాహ్నానికి సరుకు అయిపోయింది. చెప్పిందే చెప్పాను. చివరికి పుస్తకం నా చేతికొచ్చేసరికి చూద్దును కదా, ఎదురెదురు పేజీల్లో, ఒకటి గులాబీ, ఒకటి పసుపు, రెండింట్లోనూ ఒకే మాట: నిన్ను మరిచిన రోజు నన్ను నేను మరిచినట్టే. రాసినవాళ్లిద్దరూ ఆ పిల్లతో ఒక్కరోజు కూడా మాట్లాడినవాళ్లు కాదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది అక్కా. ఎవరి చేతిరాత అయితేనేం, ఆ పుస్తకంలోని అబద్ధాలన్నీ నావే.

అప్పుడు నువ్వు నీ స్నేహితురాలికి ఆటోగ్రాఫ్ రాసేటప్పుడు చెప్పింది గుర్తొచ్చింది. లేని స్నేహం రాయకు, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకు, నీ కళ్లారా చూసింది ఒక్కటి రాయి, చాలు అన్నావు. కూర్చుని ఆలోచించాను. ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు. ఏడాదంతా ఒకే గదిలో ఉన్నాం, ఆ పిల్లకు ఏ పాఠం ఇష్టమో కూడా తెలియదు. పక్కవాళ్లను అడిగితే మంచి పిల్ల అన్నారు. మంచి అంటే ఏంటని అడిగితే, మంచి అంటే మంచే అన్నారు.

ఆఖరికి ఒకటి తట్టింది. బొమ్మల క్లాసయ్యాక అందరం కుంచెలు పడేసి పోతాం. ఎవరో వాటిని కుళాయి దగ్గర కడిగి, కిటికీ గట్టు మీద వరసగా ఆరబెడతారు. అదే రాశాను: మనం పెద్దగా మాట్లాడుకోలేదు. కానీ మేం వదిలేసిన కుంచెలు నువ్వు కడిగి పెట్టడం చూశాను. ఆ మంచితనం గుర్తుంచుకుంటాను.

నిన్న వాళ్ల నాన్న టీసీ తీసుకుంటుంటే, ఆ పిల్ల వరండాలో నిలబడి నా పేజీ చదివింది. నవ్వింది. చాలా థాంక్స్ అంది. నీ సలహా ఫలించిందనుకో. ఇక ఉంటాను.

నీ ముద్దుల చెల్లెలు

తా.క.: కవరు అంటించాక మళ్లీ చింపాను. నీతో అబద్ధమాడి నిద్రపోలేను. కుళాయి దగ్గర ఎవరినీ నేను చూడలేదు. కిటికీ గట్టు కాబట్టి కిటికీ పిల్లే అయ్యుంటుందనుకుని, చూశాననే రాసేశాను. థాంక్స్ చెప్పాక ఆ పిల్ల మెల్లగా, అది నేను కాదు, నాలుగో బెంచీ అమ్మాయి అని చెప్పింది. ఆ కుంచెల నీళ్లు గట్టు మీంచి ఈ పిల్ల పుస్తకాల మీదే కారేవట, ఒళ్లు మండేదట. పాపం ఆ నాలుగో బెంచీ అమ్మాయి ఒక మంచి పని చేస్తోంది కదా అని ఊరుకునేదట. ఆ పేజీ చింపేస్తానన్నాను. వద్దు, ఉండనీ, కనీసం నువ్వు ఏదో ఒకటి వెతికావు అంది.

పుస్తకం లాక్కుని గోడకు ఆనించి అదే పేజీలో కింద రాశాను: పైన రాసింది నీ గురించి కాదు. నిన్ను నేను గమనించనేలేదు, అది నా తప్పు. నీ పుస్తకాలు తడుస్తున్నా ఇంకొకరి మంచి పనికి అడ్డుపడలేదని ఇవాళ నువ్వు చెబితేనే తెలిసింది. కొత్త బడిలో నీ పక్కన కూర్చునేవాళ్లు నిన్ను మొదటి రోజే పలకరించాలి.

ఈసారి నవ్వలేదు. వాళ్ల నాన్న పిలుస్తున్నా కదలకుండా రెండుసార్లు చదివింది. ఇది మాత్రం నాదే అంది.