పగిలిన కప్పు ఉన్న ఫోటో

మహాతల్లీ,

డ్యూటీకి వెళ్తున్నా. స్కూలు నుంచి రాగానే ముందు తిను. ఆరున్నరకల్లా నేనూ వచ్చేస్తా, వంటింటి బల్ల దగ్గర కూర్చో. రాత్రి ఇద్దరం ఒప్పుకున్నదే రాస్తున్నా, తర్వాత నాకు తెలీదనకు.

మొదట ఐదు నిమిషాలు డైరీ తెరిచి, ఏమేం ఇచ్చారో, దేనితో మొదలుపెడతావో చెప్పు. తర్వాత నీ పని నువ్వు చేసుకో, నేను వేలు పెట్టను. ఎనిమిదింటికి నోట్సు చూపించి, ఒక లెక్క ఎలా చేశావో చెప్పాలి. మిగిలింది మర్నాడు మొదట చేయాలి. ఆదివారం సెలవు. నువ్వు అడిగినట్టే అరవను, అక్కతో పోల్చను, నా ఫోన్ కూడా సొరుగులో పడేస్తా. ఏ రోజైనా టైము కుదరకపోతే పొద్దున్నే చెప్పు, మార్చుకుందాం.

హోంవర్కు ఫోటోలు మాత్రం ఇక చెల్లవు. ఒక్కరోజే బోలెడు తీసిపెట్టుకుని, రోజుకొకటి పంపి "అయిపోయిందమ్మా" అన్నావు. నేను పిచ్చిదానిలా వార్డులో అందరికీ చూపించి మురిసిపోయా. నిన్న మా వార్డు సిస్టరు, నువ్వు అప్పుడే పంపిన ఫోటోలో పుస్తకం పక్కన కప్పు చూసి, "ఇది నేనిచ్చిన నీలం కప్పే కదా, సోమవారమే పగిలిందన్నావు?" అంది. పగలగొట్టింది నువ్వే. నా తల కొట్టేసినట్టయింది.

అందుకే కసి తీర్చుకున్నా. ఆ ఫోటో పెద్దగా ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించా. నెలంతా ఎగ్గొట్టకుండా కూర్చుంటే నువ్వే పీకెయ్.

అమ్మ

మర్చిపోయా. సాయంత్రం మీ మేనత్త వస్తోంది. ఫ్రిజ్ మీద ఆ ఫోటో ఏంటని అడక్కుండా ఉండదు. నేను నోరు విప్పను, నువ్వే చెప్పుకో. ఇవాళ నీ మొదటి హోంవర్కు అదే.