వదినా, మన వంటల బ్లాగు ఆపేశాను

వదినా,

ఆరేళ్లు నేను వంట చెబితే నువ్వు టైపు చేశావు. ముందే షెడ్యూల్ చేసి ఉంచిన మూడు పోస్టులు నువ్వు పోయాక వాటంతటవే వచ్చాయి. ఒంట్లో ఎలా ఉందని నరసన్నపేట టీచరమ్మ కామెంట్లో అడిగితే, నీ పేరుతోనే "కులాసా" అని రాశాను.

"ఎన్నాళ్లు దాస్తావే? సెప్పేయ్," అన్నాడు మీ తమ్ముడు.

ఈ రోజు నీ సంగతి రాసి, బ్లాగు ఆపుతున్నామని, ఇన్నాళ్లూ చదివినవాళ్లకు రుణపడి ఉంటామని చివరి పోస్టు పెట్టి, పైన పిన్ చేశాను.

టీచరమ్మ వెంటనే అడిగారు: "మరి పోయిన వారం నాకు జవాబిచ్చింది ఎవరమ్మా?"

నా పేరుతో కొత్త ఖాతా తెరిచాను. "నేనేనండి, క్షమించండి" అని రాశాను.