లోపలి పొర

మార్చి 9, సోమవారం సాయంత్రం

వదినకు,

నమస్కారం. ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మ మోకాలు నొప్పి పెడుతూనే ఉంది, అమ్మ దాన్ని తిడుతూనే ఉంది. నువ్వూ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు కులాసాగా లేవని నాకు తెలుసు. అయినా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. వేరే రకంగా మొదలుపెట్టడం నాకు రాదు.

నువ్వు అన్నయ్య చేత తిప్పి పంపిన కుర్తాని ఈ ఉదయం ఉతికి కిటికీకి ఆరేశాను. కాసేపటికి అటు చూస్తే గుడ్డలోంచి కిటికీ ఊచలు కనిపించాయి. ఊచ మీద కూర్చున్న పిచ్చుక కూడా కనిపించింది. పైన జార్జెట్, లోపల లైనింగ్, రెండు పొరలు ఉన్నాయి. అయినా అది తోక ఆడించడం తెలుస్తూనే ఉంది. పళ్లు తోముకుంటున్నదాన్ని అలాగే నిలబడిపోయాను.

గుడ్డని ఎప్పుడూ వెలుతురుకి అడ్డంగా పట్టి చూడాలి. వెనక చెయ్యి పెట్టి, వేళ్లు కనిపిస్తున్నాయా లేదా అని చూడాలి. కుట్టు షాపులో చేరిన మొదటి రోజు మాస్టరు నాకు నేర్పిన పాఠం అదే. నేను నీ గుడ్డని బల్ల మీద పరిచి చూశాను. బల్ల మీద పరిస్తే ఏ గుడ్డైనా పతివ్రతే అంటాడు మాస్టరు.

దేశదేశాల ఆడవాళ్లున్న మీ పాటల బృందానికి దుస్తులు మా షాపుకే ఇమ్మని టీచరమ్మను ఒప్పించింది నువ్వు. మా ఆడపడుచు పుస్తకాల పురుగు, తనకి అన్నీ తెలుసు అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నేను నేల మీద నడవలేదు. ఒకే రంగు, ఒకే గుడ్డ, కాని ఎవరి పద్ధతి వాళ్లది అని టీచరమ్మ షరతు. ఆ పని ఎంత ఇష్టంగా చేశానో నీకు తెలుసు. దీవుల నుంచి వచ్చిన ఆవిడకి మోకాళ్ల దాకా పెట్టెలా నిలిచే కుర్తా. నడుము దగ్గర ఎక్కడా నొక్కు లేదు, చేతులెత్తినా పైకి లాగకుండా చంకల కింద నాలుగు పలకల ముక్క. ఆవిడ స్కార్ఫ్ గడ్డం కింద ఒక పిన్నుతో ఆగి, ఛాతీ మీద ముక్కోణంలా పడుతుంది. చలి దేశపు పెద్దావిడకి ముందు తెరిచి ఉండే పొడుగు కోటు, భుజాల దగ్గర సన్నగా మొదలై కిందికి గంటలా విచ్చుకునేది. ఆవిడ నలుచదరపు రుమాలుని మడిచి గడ్డం కింద ముడి వేసుకుంటుంది. ఎడారి వైపు నుంచి వచ్చిన పొడుగు మనిషి పల్చటి నూలు గుడ్డని తల చుట్టూ చుట్టి వెనక ఎత్తుగా ముడి పెడుతుంది. అంత ఎత్తు తలకట్టుకి కింద వెడల్పు ప్యాంటు లేకపోతే మనిషి పుట్టగొడుగులా ఉంటుందని, ఆవిడ పాదాల దగ్గర ఇంకాస్త వెడల్పు పెంచమంది. పెంచాం.

నీది పిక్కల దాకా వచ్చే కుర్తా, దాని కింద వెడల్పు ప్యాంటు, తలకి నూలు టోపీ, దాని మీద జార్జెట్ స్కార్ఫ్. ఆ టోపీ లేకపోతే జార్జెట్ జుట్టు మీద నుంచి జారిపోతుంది. ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. కాన్వెంటులో సిస్టర్ని ముసుగు గాలికి ఎగిరిపోదేమని అడిగితే, అంచు కాస్త ఎత్తి లోపలి నూలు పట్టీ చూపించింది. కనిపించేది కనిపించనిదాని మీద నిలుస్తుందమ్మా అంది. అప్పుడది దేవుడి గురించి అనుకున్నాను.

కచేరీ జరిగిన ఆ సాయంత్రం సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు. కాని నేను మూడో వరుసలోంచి చూసింది చెప్పాలి. రెండో చరణానికి టీచరమ్మ చెయ్యి ఊపింది, నువ్వు ముందుకి నడిచావు. వెనక దీపం వెలిగింది. మొదటి రెండు అడుగుల దాకా బాగానే ఉంది. మూడో అడుగుకి కుర్తా ప్యాంటుకి అతుక్కుంది. తర్వాత రెండూ కలిసి కాళ్లకి అతుక్కున్నాయి. హాల్లో ఏసీ గాలి పొడి గాలి. పొడి గాలిలో పాలియెస్టర్ మీద పాలియెస్టర్ రాసుకుంటే అంతే, దువ్వెనకి కాగితం ముక్క అంటుకున్నట్టు. నువ్వు గుడ్డ విడదీసుకున్నావు, అది మళ్లీ వచ్చి అంటుకుంది. నీ గొంతు ఆగిపోయింది. స్కార్ఫ్ కొసని ముందుకి లాక్కుని పట్టుకుని పక్కకి వెళ్లిపోయావు. మిగతావాళ్లు నీ వరుస కూడా పాడేశారు. ఎవరూ నవ్వలేదు. నా వెనక ఒకావిడ మాత్రం అయ్యో పాపం అంది. ఆ పాపం అనడం నవ్వు కన్నా అధ్వాన్నంగా వినిపించింది.

నీకు ఇది బట్టల సంగతి కాదని నాకు తెలుసు. ఒంటి తీరు తెలియకుండా కప్పుకోవడం పదేళ్ల పిల్లవుగా ఉన్నప్పటి నుంచి నీకై నువ్వు ఎంచుకున్న పద్ధతి. స్టేజీ ఎక్కడానికి ఒప్పుకున్నది కూడా, పాదాల నుంచి తల దాకా నా పూచీ అని నేను చెప్పాకే.

అన్నయ్య తర్వాత ఫోన్ చేశాడు. చీకట్లో ఎవరికీ ఏమీ కనపడలేదని నీతో అన్నాడట, నువ్వు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నావట. తనకి మగబుద్ధి ఉంది కాని చెడ్డ బుద్ధి లేదు, కోప్పడకు. బృందం మానేశావని కూడా చెప్పాడు. వంటింట్లో కూడా కూనిరాగం వినపడటం లేదే, కుక్కరు ఈల మాత్రమే మిగిలిందే అన్నాడు. నవ్వించాలని అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మాస్టరు ఆ మర్నాడే టీచరమ్మ దగ్గరికి వెళ్లి తప్పు తన కత్తెరదని చెప్పుకున్నాడు. అది నిజం కాదు వదినా. అందరి కుర్తాలకీ లోపల రేయాన్ వేశాం. రేయాన్ చెమ్మని పట్టి ఉంచుతుంది, అందుకని జార్జెట్‌కీ ప్యాంటుకీ మధ్య మర్యాదగా నిలుస్తుంది, దేన్నీ అంటుకోనివ్వదు. నీ ఒక్కదానికి పాలియెస్టర్ లైనింగ్ వేయించింది నేను. రేయాన్ తక్కువైంది, అదే రంగు మళ్లీ దొరకలేదు. ఒక్కరికి మార్చాలి అంటే నీ పేరు చెప్పాను. తను మధ్యలో కదలకుండా నిలబడి పాడుతుంది, ఏమీ కాదు అన్నాను. మాస్టరు ఒకసారి వేసుకుని నడిచి చూడమను అన్నాడు. షాపులో బొమ్మకి వేసి చూశాను, చాలు అన్నాను. బొమ్మ నడవదు కదమ్మా అన్నాడు. అప్పటికే ఆలస్యమైందని నేనే తొందరపెట్టాను. నీకు ఫోన్ చేసి ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే నువ్వు వేరే కుర్తా వేసుకుని వచ్చేదానివి. చెప్పలేదు.

ఈ రోజు షాపులో నీ కుర్తా విప్పాం. పాత లైనింగ్ తీసేసి రేయాన్ వేశాం. ఎక్కడ దొరికిందని మాస్టరు అడిగితే దొరికింది అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి రెండు వైపులా తిప్పి చూసి, ఇస్త్రీ చేశాడు. కొత్త లైనింగ్ భుజాల దగ్గరా చంకల దగ్గరా మాత్రమే కుట్టాం. కింద వదిలేశాం, పైగుడ్డ కన్నా రెండంగుళాలు పొట్టిగా. ఇలా అయితే రెండూ వేటికవి ఊగుతాయి, లోపలిది బయటికి తొంగిచూడదు. పక్క చీలికలకి లోపల మడత పట్టీ వేశాం, నడిస్తే విచ్చుకుంటుంది కాని తెరుచుకోదు. ప్యాంటుకి కూడా తొడల దాకా రేయాన్ పడింది.

ఈసారి బొమ్మకి వెయ్యలేదు. నేనే వేసుకున్నాను. మనిద్దరి ఎత్తు ఒకటే కదా. వెనక పెద్ద దీపం పెట్టి, పక్కన ఫ్యాను పెట్టి, మాస్టరు కుర్చీలో కూర్చుని నడవమన్నాడు. నడిచాను. తిరిగాను. వంగాను. నాకు ఎంత సిగ్గో నీకు తెలుసు, చెవులు మండిపోయాయి. వెలుతురులో ఏనుగు నడిచినా ఏనుగని తెలియకూడదు, అప్పుడే కుట్టు కుదిరినట్టు అన్నాడు. ఏమైనా తెలిసిందా అని అడిగాను. ఎవరో భయపడుతూ నడుస్తున్నారని మాత్రం తెలిసింది అన్నాడు.

కుర్తా, ప్యాంటు, స్కార్ఫ్, కొత్త నూలు టోపీ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. వేసుకోమని అడగను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది, నాకు తెలుసు. కాని వచ్చే నెల మళ్లీ అదే హాల్లో పాట ఉంది. ఆ రెండో చరణం ఎవరికీ ఇవ్వలేదని టీచరమ్మ చెప్పింది. సాధనలో అక్కడికి రాగానే అందరూ ఆగుతున్నారట, చరణమంత సేపు ఊరికే తాళం వేసి ముందుకి పోతున్నారట. ఎడారి ఆవిడ అయితే, ఆ పిల్ల రాకపోతే ఆ చరణం అలా ఖాళీగానే పోతుంది, జనం మనల్ని పిచ్చివాళ్లనుకుంటే అనుకోనీ అందట.

ముందు ఇంట్లో వేసుకుని దీపం ముందు నడిచి చూడు. అన్నయ్యని చూడమనకు, తను నీ ముఖం తప్ప ఏదీ చూడడు. అమ్మ వస్తానంటోంది, అమ్మని చూడమను. అమ్మ కళ్లకి సూదిలో దారం అందదు కాని కోడలి బట్టల్లో లోపం మాత్రం మైలు దూరం నుంచి అందుతుంది.

నాతో మాట్లాడకపోయినా సరే, పాట మానకు.

నీ ఆడపడుచు,
పుస్తకాల పురుగు

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. చింపి మళ్లీ రాయాలనుకున్నాను, అలా అయితే ఈ ఉత్తరం ఎప్పటికీ వెళ్లదు. రేయాన్ తక్కువ కాలేదు. అందరికీ సరిపడా కొన్నాం. పాటకి ముందు పరిచయ వాక్యాలు నన్ను చదవమని టీచరమ్మ అడిగింది, నీకు చెప్పలేదు. అంతమంది ముందు, ఆ దీపాల ముందు నడవాలి అనుకుంటే నాకు నిద్ర పట్టలేదు. నీ ముక్క తీసుకుని నా కుర్తాకి లోపల కుట్టుకున్నాను. ఇప్పుడు నీ కుర్తాలో ఉన్నది అదే. వెలుతురుకి పట్టి చూస్తే నా పాత కుట్టు చిల్లులు కనిపిస్తాయి. మాస్టరుకి కనిపించాయి. చివరికి పరిచయం చదివింది టీచరమ్మే. నా వల్ల కాదని చెప్పి తప్పించుకున్నాను. ఆ సాయంత్రమంతా, నువ్వు స్టేజీ దిగి వెళ్లిపోయినప్పుడు కూడా, నేను కుర్చీలోంచి లేవలేదు.