సుందరమ్మ వదిన జవాబు

ఆదివారం, రాత్రి.

అమ్మాయి పెళ్లి అయిపోయింది. ఒళ్లంతా నొప్పులు, నిద్ర మాత్రం రావడం లేదు.

నిశ్చితార్థం బంతిలో పెళ్లికొడుకు తల్లి సుందరమ్మ వదిన చారులోకి బెల్లం అడిగింది. ఆ సాయంత్రమే పాత వియ్యాలవారి పాట వరసలో కట్టాను:

చారున బెల్లం చాలదన్నదీ సుందరమ్మ మా వదినా
చెరుకు తోటలో కాపురముంటే చాలునేమొ మా వదినా

నీ మీద పాట కట్టానని ఫోన్లో చెబితే, "నేనూ జవాబు కట్టుకోనొస్తా, చూడు వదినా," అంది. నెల తిరక్కుండానే పోయింది. ఏడాది ఆగి ఈ రోజు పెళ్లి చేశాం.

పెళ్లికొడుకు తల్లి స్థానంలో పీటల మీద ఆమె చెల్లెలు మంగళమ్మ కూర్చుంది కాబట్టి పాట ఆమె మీదే పాడాలి. పేరు మార్చి చూశాను, తాళం తప్పలేదు. కానీ ఆమె తీపే ముట్టదు.

"పేరు మార్చొద్దు వదినా," అంది మంగళమ్మ. "ఆ పాట కోసరం అక్క కాచుకోని ఉండె."

భోజనాల దగ్గర అలాగే పాడాను. పాడాక మగపెళ్లివారు జవాబు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు.

ఆ జవాబు నేనే కడదామని ఇప్పుడు కూర్చున్నాను. నా పేరు తాళంలో ఇమిడింది. దాని ముందు ఏం పెట్టాలో తెలియడం లేదు. నేను ఆమెలో బెల్లం చూశాను. నాలో ఆమె ఏం చూసి నవ్వుకుందో...