చిట్టెమ్మ అని రాయమంది
అశోక్‌నగర్, బుధవారం రాత్రి

ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్‌లో కూలి చేసే యాదమ్మ మొన్న కూతురి పేరు నమోదు ఫారం నింపమని వచ్చింది. "చిట్టెమ్మ అని రాయిండ్రి సార్" అంది. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? అచ్చులన్నీ పొట్టివి, పేరు పరుగెడుతుంది, 'ట్ట' దగ్గర నాలుక ఊపిరిని ఆపి సుత్తిలా కొడుతుంది అన్నాను. దాని బదులు 'లీల' అని పెడితే ఈకారం సాగుతుంది, 'ల' అన్నప్పుడు గాలి ఆగకుండా నాలుక పక్కల నుంచి జారుతుంది, మెత్తగా ఉంటుంది అని చెప్పి, అదే రాసేశాను. ఆమె ఫారం మడిచి కొంగున కట్టుకుని పనిలోకి వెళ్లింది.

ఈ సాయంత్రం ఇసుక కుప్ప పక్కన బిడ్డను ఊపుతూ "చిట్టెమ్మా" అంటోంది. 'మ్మ' దగ్గర పెదవులు మూసుకున్నా గొంతు ముక్కులోంచి మోగుతూనే ఉంది, చివరి అచ్చు ఎంతో సాగింది. ఆ 'ట్ట' కూడా వీపు తట్టినట్టే ఉంది. నేను కాగితం మీది అక్షరాలనే చూశాను.

దిగి వెళ్లి, ఆ పేరే ఎందుకని అడిగాను.

"మా అమ్మ పేరు సార్. పోయినేడు చచ్చిపాయె. మీరు చెప్తున్నరు గదా అని ఊకున్న."

"ఫారం ఏది?"

"నిన్ననే మున్సిపల్ ఆఫీసుల ఇచ్చిన."

రేపు నేనే ఆఫీసుకు వెళ్లి పేరు మార్పించాలి. ఆమె కూడా రావాలంటారేమో. పని మానుకుని రమ్మనడానికి ముఖం చెల్లడం లేదు...