కుర్చీకి కళ్లెక్కడివి?

అన్నయ్యకు నమస్కారాలు.

నీ పత్రికకు కథ పంపుతున్నాను. చెప్పేది ఒక కుర్చీ. ఎవరూ కూర్చోని కుర్చీ. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోను.

నీ చెల్లి

తా.క.: ఇక్కడ అందరం కులాసా. స్నానాలగది ముందు నా వంతు వచ్చేలోపు కథ పూర్తయింది.

---

చెల్లాయికి ఆశీస్సులు.

చదివాను. బాగుంది కానీ కిటికీ ఏదే? వెన్నెల ఏది? "నేను ఒంటరిని" అని కుర్చీ ఒక్కసారైనా అనదేం? పైగా వానాకాలంలో మీదున్న కాగితాలు బరువెక్కాయట, ఇదెక్కడి విడ్డూరం! అన్నీ నేను సరిచేస్తాలే.

ఇంతకీ నువ్వింత ఒంటరిగా ఉన్నావని ఎవరికీ చెప్పవేం? తోడుగా పిన్నిని పంపుతున్నాను.

నీ అన్నయ్య

తా.క.: పిన్నికి మెత్తటి పరుపు కావాలి.

---

అన్నయ్యా,

ఒంటరిది నేను కాదు, కుర్చీ! పిన్ని రాకముందే ఈ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఇప్పుడు వంటింట్లో నిలబడి రాస్తున్నాను.

కుర్చీకి కళ్లెక్కడివి, కిటికీ చూడటానికి? దానికి తెలిసింది బరువు, వెచ్చదనం, కుదుపు. మనిషి కూర్చుంటే వెచ్చబడుతుంది. కాగితాలు పెడితే బరువే, వెచ్చదనం లేదు. కథంతా అదే. "ఒంటరి" అన్నది మనుషుల మాట. అది దాని నోట పెడితే, కుర్చీ వేషం వేసుకున్న నువ్వే కనిపిస్తావు. తెలిసింది కుర్చీ చెబుతుంది, మిగతాది చదివేవాళ్లు పూరించుకుంటారు. ఇక కాగితం చెమ్మ పీలిస్తే బరువెక్కదూ?

నీ చెల్లి

తా.క.: పరుపు పిన్నికిచ్చాం. మీ బావగారు చాప మీద.

---

చెల్లాయికి,

అంత కోపం ఒంటరితనం వల్లేనని పిన్ని రాసింది. అత్తయ్య కూడా కంగారుపడి నీ దగ్గరకు బయల్దేరింది. కథలో కిటికీ పెట్టేశాను. చివర్లో కుర్చీ ఏడుస్తుంది.

నీ అన్నయ్య

తా.క.: కన్నీళ్లు కుర్చీ చేతుల మీదుగా కారతాయి. బ్రహ్మాండంగా కుదిరింది.

---

అన్నయ్యా,

కుర్చీ ఏడవడమా! అచ్చు కాకపోతే పీడా పోయింది, నా కథ నాకు పంపెయ్. అంతకుముందు ఒక్క పని చెయ్యి. నీ గదిలో, నీ బల్లకు ఎదురుగా ఉన్న కుర్చీ మీంచి పాత సంచికలు దించి, అందులో కూర్చుని కళ్లు మూసుకో. తర్వాత మాట్లాడు.

నీ చెల్లి

తా.క.: పిన్నినీ అత్తయ్యనీ బస్సెక్కించాను. ఎక్కడికో చెప్పను.

---

చెల్లాయికి,

కూర్చున్నాను. అడుగున ఉన్న సంచికలు చెమ్మకు అతుక్కుపోయి ఉన్నాయి. దించేసరికి నడుం పట్టేసింది. కళ్లు మూసుకుంటే కుర్చీ చల్లగా తగిలింది. దాని ఎడమకాలు పొట్టి, అచ్చం నువ్వు రాసినట్టే ఊగింది.

పోయినేడు నువ్వొచ్చి కూర్చున్నది ఇందులోనే. తిరిగి వెళ్తూ నువ్వు గుమ్మం దాటకముందే సంచికలు మళ్లీ పైన పెట్టేశాను. ఆ తర్వాత వాటిని దించే అవసరం రాలేదు, ఎవరూ రాలేదు కదా. కాసేపటికి కుర్చీ వెచ్చబడింది. నాకు ఏడుపు ఆగలేదే.

కిటికీ పీకేశాను. కథ ఉన్నదున్నట్టు అచ్చవుతోంది.

నీ అన్నయ్య

తా.క.: నా కుర్చీలో అత్తయ్య, ఆ కుర్చీలో పిన్ని. నేను నిలబడి రాస్తున్నాను. పిన్ని కింద కుర్చీ కిర్రుమంటోంది. ఏమంటోందో నువ్వే రాసి పంపు, ఒక్క అక్షరం మార్చను.